ముందు విషయం, తర్వాత యోగక్షేమం

మా ఊళ్లో ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో నిలబడి పని చెప్పరు. చాప వేస్తారు, నీళ్లిస్తారు. వాన పడిందా, పిల్లలు ఎలా ఉన్నారు, పసుపు తవ్వారా అని మాటలయ్యాకే వచ్చిన పని బయటికి వస్తుంది. వస్తూనే పని చెబితే 'వీళ్లకి పని తప్ప మనం అక్కర్లేదు' అనుకుంటారు. ఈ మర్యాదనే మేము ఫోన్లోకి కూడా తీసుకెళ్లాం. దానివల్ల ఒక పాపకు తొమ్మిది రోజులు మందు ఆగింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాం.

మాది పాడేరు వైపు కొండ మీది ఊరు. మేమంటే పదో తరగతి దాటిన ముగ్గురం, బడిలో పాఠం చెప్పే ఒకరం. ఊళ్లో ఎవరికి కాగితం పని పడినా, ఫోన్ పని పడినా మా దగ్గరికే వస్తారు. మాలో ఒకరి చిన్నాన్న కూతురికి సికిల్ సెల్ జబ్బు. వయసు తొమ్మిదేళ్లు. విశాఖపట్నంలో ఒక పెద్ద డాక్టరమ్మ చూసి హైడ్రాక్సీయూరియా మాత్రలు రాశారు. ఆ మందు నొప్పులు రాకుండా కాపాడుతుంది గానీ, ఒక్కోసారి రక్తంలో తెల్లకణాలను బాగా తగ్గించేస్తుంది. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించి, కాగితం చూశాకే మందు కొనసాగించాలి. 'ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదు, కాగితం వాట్సాప్‌లో పంపండి' అని ఆమే నంబరు ఇచ్చారు. మేము ఆమెను చూసింది అదొక్కసారే.

పరీక్ష చేయించాం. మాత్రలు అయిపోవస్తున్నాయి. ఉదయం 'హాయ్ మేడం' అని పంపి జవాబు కోసం చూశాం. రాలేదు. పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపాం. అప్పుడూ రాలేదు. రాత్రి అందరం కూర్చుని వాయిస్ మెసేజ్ పెట్టాం. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు వచ్చింది. ముందు ఆమె ఎలా ఉన్నారో అడిగాం. ఆ రోజు ఆస్పత్రికి ఎలా వచ్చామో, బస్సు ఎక్కడ ఆగిపోయిందో చెప్పాం. పాప బడికి వెళుతున్న సంగతి చెప్పాం. చివర్లో, 'రేపటితో మాత్రలు అయిపోతాయి మేడం, ఏం చేయమంటారు' అన్నాం. తర్వాత పరీక్ష కాగితాన్ని దీపం వెలుగులో ఫొటో తీసి పంపాం. మర్నాడు మూడుసార్లు ఫోన్ చేశాం, ఎత్తలేదు.

జవాబు రాకపోతే మందు వేయవద్దని పాప తల్లి ఆపేసింది. 'కొండోళ్లమని పట్టించుకోలేదు' అని మాలో మేము కోపంగా అనుకున్నాం. తొమ్మిది రోజులకు పాపకు కాళ్ల నొప్పులు మొదలయ్యాయి. పదో రోజు విశాఖపట్నం తీసుకెళ్లాం.

డాక్టరమ్మ పాపను చూసి, మందులు రాసి, మా ఫోన్ తీసుకుని ఆ మెసేజులు మా ఎదుటే తెరిచారు. కోప్పడలేదు. 'ఓపీ మధ్యలో ఇది తెరిచాను. నా పక్కన పేషెంట్లున్నారు, గట్టిగా పెట్టలేను. చెవికి ఆనించుకుని అర నిమిషం విన్నాను. క్షేమం అడుగుతున్నారు. తొందర లేదేమో, రాత్రికి విందామనుకున్నాను. రాత్రికి దానిమీద ఇంకో ఎనభై మెసేజులు పడ్డాయి' అన్నారు. మాత్రలు అయిపోతాయన్న మాట మూడు నిమిషాల యాభై సెకన్ల దగ్గర ఉంది. అంతవరకు ఆమె వినలేదు.

'పోనీ విన్నాననుకోండి. "మేము మేడం, ఆ రోజు వచ్చినోళ్లం" అన్నారు. మేమంటే ఎవరు? ఆ కాగితంలో పేరు, తేదీ ఉన్న పైభాగం తెగిపోయింది. ఎవరి రక్తమో తెలియకుండా ఒక చిన్నపిల్లకు మందు వేయమని ఎలా రాయను?' అన్నారు. మాకు జవాబు లేదు. ఊళ్లో 'మేము' అంటే చాలు. గొంతు వినగానే ఎవరి ఇంటివాళ్లమో తెలిసిపోతుంది. ఒక్కసారి చూసిన మనిషికి మన గొంతు గుర్తుండదు.

ఇంకొకటి కూడా ఆమె ఫోన్లో చూపించారు. మేము 'రేపు' అన్న వాయిస్ ఆమెకు చేరింది మర్నాడు సాయంత్రం. ఇంట్లో సిగ్నల్ లేక ఆ మెసేజు పక్కన గడియారం గుర్తు పెట్టుకుని ఫోన్లోనే ఉండిపోయింది. మాలో ఒకరం గట్టు ఎక్కినప్పుడు పోయింది. ఆమె విని ఉన్నా, ఆ 'రేపు' అప్పటికే దాటుతోంది. కొండ మీద నుంచి పంపేవాళ్లు ఈరోజు, రేపు అనకూడదు. తేదీ రాయాలి.

తర్వాతి పరీక్షకు మేము వాయిస్ పెట్టలేదు, రాశాం. రాయడానికి మాకు భయమే. ఇంట్లో కువి మాట్లాడుకుని, బడిలో తెలుగు నేర్చుకున్నవాళ్లం. ఒత్తు తప్పుతుందేమో, నవ్వుతారేమో అని వాయిస్ వెనక దాక్కుంటాం. ఆ రోజు రాసింది ఇది. పాప పేరు, ఓపీ నంబరు, పంపినవారి పేరు మాత్రం ఇక్కడ తీసేశాం.

'నమస్కారం డాక్టర్ గారూ. సికిల్ సెల్ పాప (పేరు, 9 ఏళ్లు, 24 కిలోలు, ఓపీ నంబరు) అన్నయ్యను, నా పేరు ఫలానా. పోయిన నెల 12న మీకు చూపించాం, ఈ నంబరు మీరే ఇచ్చారు. హైడ్రాక్సీయూరియా 500 మి.గ్రా. రోజుకు ఒకటి వేస్తున్నాం. జూన్ 3న రక్తపరీక్ష చేయించాం, కాగితం కింద పంపాను. జ్వరం, నొప్పి లేవు. మాత్రలు జూన్ 10 వరకు వస్తాయి. ఇదే మోతాదు కొనసాగించమంటారా? వీలైనప్పుడు రాయండి. మా ఊళ్లో సిగ్నల్ లేదు, ఉదయం 7కి, సాయంత్రం 5కి గట్టు మీద చూసుకుంటాం.'

అంతా ఒకే మెసేజు. ముక్కలు ముక్కలుగా పంపితే ఆమె ఫోన్ పదిసార్లు మోగుతుంది, సగం చూసి సగం వదిలేసే వీలుంటుంది. నమస్కారం ఉంది, దాని వెంటనే విషయం ఉంది. ఎవరమో, నంబరు ఎలా వచ్చిందో, ఏం జరిగిందో, ఎప్పటిలోగా కావాలో ఉంది. ప్రశ్న ఒక్కటే, దానికి ఒక్క మాటలో జవాబివ్వచ్చు. కాగితాన్ని పగటి వెలుగులో, నాలుగు మూలలూ కనిపించేలా తీసి, ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాం. అలా పంపితే బొమ్మ తగ్గిపోదు, అంకెలు చెదరవు. జవాబు ఆ రాత్రే వచ్చింది, రెండు వాక్యాలు. అదే మోతాదు వేయమని, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలో రాశారు. మా రాతలో రెండు ఒత్తులు తప్పాయి. ఆమె వాటి ఊసే ఎత్తలేదు.

అలాగని వాయిస్ పనికిరాదని కాదు. నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఎలా పాకుతుంది అన్నది పాప తల్లి చెప్పినట్టు మేము రాయలేం. ఒకసారి డాక్టరమ్మ ఆ సంగతి అడిగితే, 'వాళ్లమ్మ మాటల్లో 40 సెకన్ల వాయిస్ పంపవచ్చా?' అని ముందు రాసి అడిగాం. 'పంపండి' అన్నాకే పెట్టాం. మైకు గుర్తును పైకి జరిపితే అది లాక్ అవుతుంది, చేయి తీసేసి తల్లిని నెమ్మదిగా మాట్లాడనివ్వచ్చు. పంపే ముందు ఆపి ఒకసారి విన్నాం. కోడి అరుపులో ఒక మాట కలిసిపోయింది, చెరిపి మళ్లీ పెట్టాం. ఆమె కువిలో చెప్పింది కాబట్టి, దాని తెలుగు కింద మూడు వాక్యాల్లో రాశాం. వాయిస్ తల్లి బాధను మోసింది, రాత దాని అర్థాన్ని మోసింది.

జవాబు రాకపోతే ఏం చేయాలన్నది కూడా నేర్చుకున్నాం. ఒకే టిక్కు ఉంటే మెసేజు ఇంకా ఆమె ఫోన్‌కు చేరలేదు. రెండు బూడిద రంగు టిక్కులుంటే చేరింది. నీలం అయితే తెరిచారు. తెరవడం వేరు, తీరిక చేసుకుని చదవడం వేరు. నీలం టిక్కు చూసి అవమానపడకూడదు. ప్రశ్న గుర్తులు వరసగా పెట్టకూడదు. రెండు రోజులు ఆగి, మొదటి మెసేజును పట్టుకుని దానికే జవాబుగా 'జూన్ 10తో మాత్రలు అయిపోతాయి, ఒకసారి చూడగలరా' అని రాస్తే పైదంతా ఆమె మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. అప్పటికీ రాకపోతే కాగితం పట్టుకుని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి నడవాలి. ఆ తొమ్మిది రోజులు మేము ఆ పని చేయలేదు. ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాం.

సికిల్ సెల్ పిల్లలకు బాగా జ్వరం వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, గుండెలో నొప్పి అన్నా మెసేజు రాస్తూ కూర్చోకూడదు. 108కి ఫోన్ చేయాలి, బండి రాని ఊరైతే డోలీ కట్టాలి. డాక్టరు గారికి దారిలో రాయవచ్చు.

చివరిగా మేము చేసిన ఇంకో తప్పు. ఆ మొదటి వాయిస్‌ను, కాగితాన్ని 'మేడంకి పంపాం చూడండి' అని ఊరి యువకుల గ్రూపులో కూడా పెట్టాం. సాయంత్రానికి పక్క ఊరికి తెలిసింది. 'ఆ ఇంట్లో రక్తం జబ్బు ఉందంట' అని పాప అక్క పెళ్లి మాటలు ఆగిపోయాయి. తప్పు తెలిసి గ్రూపులోంచి తీసేద్దామనుకునేసరికి వారం దాటింది. అందరి ఫోన్లలోంచి చెరిపే వీలు రెండు రోజులు దాటాక ఉండదు. అప్పటికే ఫార్వర్డ్ అయినదాన్ని ఎప్పుడూ చెరపలేం. డాక్టరుకు పంపిన కాగితం డాక్టరుది, ఆ ఇంటివాళ్లది. మధ్యలో మేము చేతులం మాత్రమే.

మేము రాసింది చదివి వినిపిస్తే పాప నానమ్మకు నచ్చలేదు. 'ఆమె ఎలా ఉందో ఒక్క మాట అడగలేదే?' అంది. మరుసటి నెల ఓపీకి వెళ్లినప్పుడు ఆమే మాతో వచ్చింది. చీటీ రాయడం అయిపోయాక, డాక్టరమ్మ చేయి పట్టుకుని కువిలో అడిగింది. మేము తెలుగులో చెప్పాం. డాక్టరమ్మ నవ్వి, 'బాగున్నానమ్మా' అన్నారు. క్షేమం అడగడానికి అదే మంచి చోటని మాకూ అనిపించింది.