పైన వేడి, కింద చలి

"పైన గాలి వేడెక్కితే కింద చలెందుకు నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. మీ పిల్లలూ అడగొచ్చు.

శీతాకాలంలో ఉత్తర ధ్రువం చుట్టూ, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున, పడమటి గాలులు సుడి తిరుగుతుంటాయి. అదే పోలార్ వోర్టెక్స్. కింద నుంచి లేచే భారీ గాలి అలలు ఒక్కోసారి దానికి బ్రేకు వేస్తాయి. అప్పుడు ధ్రువం మీది గాలి కిందికి దిగుతూ, ఒత్తిడికి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడితే గొట్టం వేడెక్కదూ, అలాగే.

2018 ఫిబ్రవరి 12న ఆ గాలులు ఏకంగా దిశ మార్చి తూర్పు నుంచి వీచాయి. ఆ ప్రభావం మెల్లగా కిందికి దిగి జెట్ స్ట్రీమ్ దారి మళ్లింది, సైబీరియా చలిగాలి యూరప్‌ మీద పడింది. ఫిబ్రవరి 26న రోమ్‌లో మంచు కురిసి బడులు మూసేశారు!

అయితే ప్రతిసారీ ఇలా జరగదు. అందుకే శాస్త్రవేత్తలు చలికి అవకాశం పెరిగిందని మాత్రమే చెబుతారు, ఏ ఊరికో ముందే చెప్పలేరు.