పెద్దమ్మ బోనం, మూడు ఫోన్లు

2021 ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు మా గల్లీలో ఫోను పైకెత్తని చెయ్యి లేదు. అంతకు ముందు ఏడు కరోనా భయంతో ఎవరి బోనం వాళ్లింట్లోనే అయిపోయింది. అందుకే కాబోలు, సింహవాహిని మహంకాళి గుడి దారి పొడుగునా బోనాల కన్నా ఎత్తున ఫోన్లే కనిపించాయి. నలిగిన వేపాకుల వాసన, సాంబ్రాణి పొగ ఇప్పటికీ ముక్కుకు తెలుస్తున్నాయి. ఆ పొద్దు ఏ పాట మోగిందో మాత్రం గుర్తు లేదు. క్లిప్పుల్లో విందామన్నా రెండు మూడు బ్యాండ్ల మోత కలిసిపోయి ఏదీ తేలదు.

మా ఎదురింటి పెద్దమ్మ ఆ ఏడు బోనం ఎత్తింది. కొడుకు షార్జాలో ఉంటాడు. విమానాలు ఆగిపోయి రాలేకపోయాడు. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తానని తెలిసి, పండుగయ్యాక పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. "వాడు టీవీల పెట్టుకొని చూడాలె బిడ్డా. అందరు తీసిన ముక్కలు ఒక్కతాన కలుపు."

అప్పటికే ఆమె మేనల్లుడు ఫోను యాప్‌లో ఒకటి అతికించి తెచ్చాడు. సగం క్లిప్పులకు రెండు పక్కలా నల్ల పట్టీలు, నడిమిట్ల సన్నటి వీడియో. మిగతా సగం సాగిపోయి ఉన్నాయి. మరునాడు ఘటాల ఊరేగింపు చార్మినార్ ముందు నుంచి పోతుంటే తీసిన క్లిప్పు కూడా అందులో ఉంది. సాగింది లేనిదీ తెలియాలంటే గుండ్రటి వస్తువును చూడాలి. 1889లో చార్మినార్‌కు పెట్టిన గడియారాలు గుండ్రంగా ఉంటాయి. ఆ వీడియోలో గడియారం కోడిగుడ్డులా ఉంది. పెద్దమ్మ గడియారం సంగతి పట్టించుకోలేదు గానీ, తనను తాను చూసుకుని "గింత లావున్ననా నేను?" అంది.

టీవీకి కాబట్టి టైమ్‌లైన్ 1920×1080, అడ్డం. నా చేతికొచ్చినవి ప్రధానంగా మూడు రకాలు. మేనల్లుడు నిలువుగా తీసిన 4కె క్లిప్పు, 2160×3840. పక్కింటి భాయ్ మేడ మీది నుంచి అడ్డంగా తీసింది, 1920×1080. దానితో పేచీ లేదు, అచ్చంగా సరిపోయింది. మూడోది వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన నిలువు క్లిప్పు, 480×848.

నేను ప్రీమియర్‌లో పని చేసేవాణ్ని. అప్పట్లో అందులో క్లిప్పు మీద రైట్‌క్లిక్ చేస్తే Scale to Frame Size, Set to Frame Size అని రెండు కనిపించేవి. రెండూ క్లిప్పును ఫ్రేములోకి ఇమిడ్చేవే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ మొదటిది క్లిప్పును టైమ్‌లైన్ సైజుకు కుదించేసి, స్కేల్ అంకెను 100 దగ్గరే ఉంచుతుంది. ఆ తర్వాత పెద్దది చేస్తే కుదించిన బొమ్మే పెరుగుతుంది, 4కెలో తీసిన వివరమంతా వృథా. రెండోది అసలు పిక్సెళ్లను అలాగే ఉంచి స్కేల్ అంకెను మారుస్తుంది. మేనల్లుడి క్లిప్పుకు అది 28 చూపించింది. ఆ అంకె నిజం చెబుతుంది. నల్ల పట్టీలు పోయేదాకా పెంచితే 89 దగ్గర వెడల్పు నిండింది. ఇంకా 100 లోపే ఉంది కాబట్టి బొమ్మ మసకబారదు. అదే వాట్సాప్ క్లిప్పును ఫ్రేము నిండా పరిస్తే 400 కావాలి. పెద్దమ్మ ముఖం మీది పసుపు, బొట్టు కలిసిపోయి అలుక్కుపోయాయి. Uniform Scale దగ్గర టిక్కు ఉన్నంత కాలం ఏదీ సాగదు. అది తీసేస్తే ఎత్తు, వెడల్పు వేరువేరుగా కదులుతాయి, గడియారం పాడయ్యేది అక్కడే.

మేనల్లుడి క్లిప్పు నిండింది సరే, కానీ నిలువు బొమ్మలో మూడో వంతు కన్నా తక్కువే ఇప్పుడు కనిపిస్తుంది. 3840 ఎత్తులో మిగిలేది 1215. ముఖం దగ్గర పెడితే బోనం మీది దీపం పోతుంది. దీపం దగ్గర పెడితే ముఖం పోతుంది. వెనక నిలబడి చూస్తున్న పెద్దమ్మ ఊరుకోలేదు. "బోనమే కనవడకపోతే అది బోనాల వీడియో ఎట్లయితది బిడ్డా?" ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. బోనం ఎత్తిన మనిషి నిలువైన దృశ్యం. పాదాల నుంచి దీపం దాకా ఒకటే గీత.

గుడి మలుపు దగ్గర ఎవరో ఆమె పాదాల మీద నీళ్లు పోశారు. అప్పుడు ఆమె కాసేపు కదలకుండా నిలబడింది. ఆ ముక్కను పట్టుకున్నాను. Position కు మొదట ఒక కీఫ్రేము, చివర ఒక కీఫ్రేము పెట్టాను. చూపు పసుపు పాదాల దగ్గర మొదలై, చీర అంచు, ముఖం, వేపమండలు దాటి దీపం దగ్గర ఆగుతుంది. మనిషి నడుస్తున్నప్పుడు ఈ పని చేస్తే మేనల్లుడి చెయ్యి ఊపు, నా కదలిక కలిసి చూసేవాళ్లకు తల తిరుగుతుంది. నిలబడిన క్షణం దొరికింది కాబట్టే కుదిరింది.

వాట్సాప్ క్లిప్పును వదిలేద్దామనుకున్నాను. వదిలేసే ముందు అసలు ఫైలును వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా పంపమని అడిగించాను. వీడియోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. కానీ తీసినాయన ఫోను నిండిపోయి ఎప్పుడో చెరిపేశాడట. వెనక అదే క్లిప్పును పెద్దది చేసి, మసక చేసి, ముందు సన్నగా పెట్టే పద్ధతి అప్పటికే టీవీ వార్తల్లో బాగా కనిపిస్తోంది. వేసి చూశాను. నల్ల పట్టీలు పోయాయి గానీ, వెనక మసకలో దీపం పెద్ద మంటలా ఊగుతూ కన్ను అటే లాగింది. తీసేశాను.

అప్పుడు తట్టింది లెక్క. అడ్డం ఫ్రేమును మూడు నిలువు గదులు చేస్తే ఒక్కో గది 640×1080. నిలువు క్లిప్పు ఆ ఎత్తుకు దాదాపు 607 వెడల్పు ఉంటుంది. అంటే ఇంచుమించు సరిపోయినట్టే. కొంచెం పెంచితే గది నిండుతుంది, పైనా కిందా కలిపి పోయేది ఐదు శాతం. వాట్సాప్ క్లిప్పుకు 400 అవసరం లేదు, 134 చాలు. ఫ్రేము నిండా నిలబడలేని బొమ్మ మూడో వంతు గదిలో దర్జాగా నిలబడింది. గుడి ముందు అదే సమయంలో నిలువుగా తీసిన క్లిప్పు ఇంకో పిల్లవాడి ఫోనులోనూ దొరికింది. మూడు గదులకు మూడు.

మూడింటినీ ఒకే క్షణానికి కలపడానికి పోతరాజు సాయపడ్డాడు. బ్యాండ్ మోత ఆడియో గీతలో ముద్దగా ఉంటుంది, అందులో ఏ దెబ్బ ఏదో తెలియదు. కొరడా చప్పుడు మాత్రం సూదిలా లేస్తుంది. మూడు క్లిప్పుల్లో ఆ సూదులను ఒకే నిలువులోకి జరిపితే, మూడు వైపుల నుంచి పెద్దమ్మ ఒకే అడుగు వేసింది. ఫోన్లు ఫ్రేమ్‌రేటు నిలకడగా ఉంచవు కాబట్టి నిడివి పెరిగితే అడుగులు తప్పవచ్చు. అందుకని ఆ మూడు గదుల ముక్కను కొన్ని సెకన్లకే ఆపి, భాయ్ మేడ మీది అడ్డం క్లిప్పుకు కోసేశాను. ఒక గదిలో దీపం కొస తెగుతుంటే ఆ క్లిప్పును కిందికి జరిపాను. పోయే ఐదు శాతం రోడ్డు వైపు నుంచే పోయింది.

షార్జా నుంచి కొడుకు ఫోను చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్పీకర్ పెట్టారు. "అమ్మా, ముగ్గురు ముగ్గురున్నవ్," అన్నాడు. ఆమె నవ్వుతూ, "మేడ మీద భాయ్ గూడ తీసిండురా, అది జూసినవా?" అని అడిగింది.