క్యారేజీ కట్టించుకునేవారు ఎన్నాళ్ళుంటారు?

ఇంట్లో వండి నెలవారీ క్యారేజీలు పంపిద్దామనుకునే అక్కచెల్లెళ్ళు నన్ను ముందుగా అడిగేది "నెలకెంత తీసుకోమంటారు?" అని. అది వీధిని బట్టి ఎలాగూ తేలుతుందండీ. అంతకంటే ముందు ఒక మనిషిని చేర్చుకోవడానికి మనకెంత ఖర్చయింది, ఆ మనిషి మానేసేలోగా మనకెంత మిగులుతుంది అన్నవి పక్కపక్కన రాసుకు చూడాలి.

నా లెక్కే చెబుతాను. నెలకు 25 భోజనాలు, 2,400 రూపాయలు. సరుకులు, గ్యాసు, ఇచ్చొచ్చే కుర్రాడి జీతం కలిపి భోజనానికి 80 పడుతుంది. అంటే ఖర్చు 2,000 పోను మిగిలేది 400. (నా చాకిరీ కూడా అందులోనే. దానికి ఖరీదు కట్టేదెవరు లెండి!) మనం లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ 400నే కాని చేతికొచ్చే 2,400ను కాదు.

ఓసారి కరపత్రాల అచ్చుకు 1,500, పేపర్లలో పెట్టి పంచినందుకు 500 ఇచ్చాను. పదిమందికి మూడేసి రోజులు రుచికి ఉచితంగా పంపిన భోజనాలకు 2,400. మొత్తం 4,400. రుచి చూసింది పదిమందైనా డబ్బు కట్టి చేరింది నలుగురే. కాబట్టి నాలుగుతోనే భాగించాలి. మనిషికి 1,100 పడింది. నెలకు 400 చొప్పున అది మూడోనెలకు గాని తిరిగి రాదు. రెండు నెలలకే మానేస్తే నేను ఎదురిచ్చి వండిపెట్టినట్టే!

మరి ఎన్నాళ్ళుంటారో తెలిసేదెలా? నెల మొదట్లో ఎంతమంది ఉన్నారో, ఆ నెలలో ఎందరు మానేశారో పుస్తకంలో రాయండి. ఇరవైమందిలో ఐదుగురు మానేస్తుంటే, సగటున ఒకరు నాలుగు నెలలుంటున్నట్టు. నాలుగు నాలుగువందలు 1,600. తెచ్చుకున్న 1,100 తీసేస్తే దక్కేది 500. ఇద్దరే మానేస్తుంటే పది నెలలు, 4,000 రూపాయలు. కూర రుచి తగ్గకుండా చూసుకుంటే ఎంత తేడా వస్తుందో చూడండి. అయితే ఒక్క నెల చూసి లెక్క కట్టొద్దు. వేసవి సెలవులకు పిల్లలు ఊళ్ళకు పోతే అంకెలు తారుమారవుతాయి. ఆరు నెలలవి కలిపి చూడాలి.

ఎవరెలా వచ్చారో కూడా పేరు పక్కన రాసుకుంటాను. పాతవాళ్ళు ఎవరినైనా తీసుకొస్తే, తెచ్చినవారికి ఐదు భోజనాలు ఊరికే ఇస్తాను. నాకు 400 ఖర్చు, మొదటి నెలలోనే వచ్చేస్తుంది. పైగా అలా వచ్చినవాళ్ళు తొందరగా మానరు. అందరినీ కలిపి సగటు తీస్తే కరపత్రం చూసి వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు అందులో దాక్కుంటారు.

ఇంకో మాట. ఎక్కువ నెలలుంటారని తేలినా ఒకేసారి ఇరవైమంది కోసం ఎగబడకండి. 1,100 చొప్పున 22,000 ముందే పెట్టాలి, తిరిగొచ్చేది నెలకు 8,000. ఆ మూడు నెలలూ కిరాణా కొట్టుకు ఏం కడతాం?

నేనైతే ఈసారి కరపత్రాలు కాలేజీలు తెరిచే వారంలోనే వేయిస్తున్నాను. పరీక్షల ముందు చేరే కుర్రాడు మూడోనెల దాకా ఎక్కడుంటాడు?