ఎనిమిది స్లైడ్లు, నలభై నిమిషాలు



కిందటి ఏడాది పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నా ముందు యూనిట్ టెస్ట్ పేపర్ పెట్టారు. ఆయనకు పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం ఉంది. ఏడో తరగతి సైన్స్, ‘ఆమ్లాలు, క్షారాలు’ పాఠం. ప్రశ్న ఇది: “ఒక ద్రవంలో పసుపు కాగితం ముంచితే పసుపుగానే ఉంది. అది ఆమ్లమేనా?” వాళ్ల అబ్బాయి “అవును, ఆమ్లం” అని రాశాడు. నేను సున్నా వేశాను.

“మేడం, మా పోరడు మీ స్లైడ్ల ఉన్నదే రాసిండు. మరి మార్కు ఎందుకు పోయింది?” అన్నారాయన. ఫోన్‌లో ఆ స్లైడ్ ఫొటో కూడా చూపించారు. అది నేను తయారు చేసిన పదహారో స్లైడ్. అందులో రెండు వరుసల పట్టిక ఉంది. ఆమ్లం: పసుపు. క్షారం: ఎరుపు. అంతే.

ఆయన చెప్పింది నిజం. ఉప్పు నీళ్లలాంటి తటస్థ పదార్థాల్లోనూ పసుపు కాగితం పసుపుగానే ఉంటుంది. ఆ మూడో వరుస నా పట్టికలో లేదు. క్లాసులో నోటితో చెప్పాననే నా నమ్మకం. కానీ ఆ పాఠంలోని ఇరవై ఎనిమిది స్లైడ్లనూ రెండు పీరియడ్లలో పూర్తి చేసిన వేగంలో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. సగానికి పైగా పిల్లలు అదే జవాబు రాశారు.

ఆయన లేస్తూ ఇంకో మాట అన్నారు. “తెల్లబట్ట మీద పసుపు పడితే సబ్బు పెట్టొద్దని గిరాకీలకు రోజూ చెప్త మేడం. ఎర్రగైతది. మంచిగ కడిగితే మళ్ల పసుపైతది.” నా ఎనిమిది స్లైడ్ల పాఠం ఆ రెండు మాటల్లోనే ఉంది. ఈ ఏడాది అదే పాఠానికి లెసన్ ప్లాన్ రాయడానికి కూర్చున్నప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఆ ప్లాన్ ఎలా రాశానో మీకు చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య చాలామంది “పక్క సెక్షన్‌లో స్లైడ్లు అయిపోయాయి, మీ దగ్గర ఎందుకు కాలేదు?” అని అడుగుతున్నారు.

మొదట ప్లాన్‌లో చివరి వరుస రాశాను. గంట కొట్టేముందు ప్రతి పిల్లా చీటీ మీద జవాబు రాయాల్సిన ప్రశ్న అది. “గ్లాసులో రంగులేని ద్రవం ఉంది. పసుపు కాగితం రంగు మారలేదు. దీని గురించి ఏం చెప్పగలవు? ఏం చెప్పలేవు?” క్షారం అని తేలలేదు, అయితే అది ఆమ్లమో తటస్థమో ఈ కాగితం చెప్పలేదు అన్నది నాకు కావలసిన జవాబు. ఈ జవాబుకు పనికొచ్చే స్లైడ్లు పది నుంచి పదిహేడు వరకు, మొత్తం ఎనిమిది. మిగతావి వేరే పీరియడ్లకు వెళ్లాయి.

తర్వాత ఎనిమిది స్లైడ్ల పక్కనా ఒక్కో క్రియాపదం రాశాను. ఈ స్లైడ్ తెర మీద ఉన్నప్పుడు పిల్లలు ఏం చేస్తుంటారు? ఏడింటి పక్కన “చూస్తారు” అని వచ్చింది, ఒకదాని పక్కన “రాసుకుంటారు” అని. నలభై నిమిషాల్లో వాళ్ల చేతులకు, నోటికి పనే లేదు. పసుపు కాగితం తయారీని ఫొటోలో చూపించే స్లైడ్ తీసేశాను, ఆ కాగితం వాళ్ల చేతికే ఇవ్వబోతున్నాను కదా. పదహారో స్లైడ్‌లోని జవాబులు చెరిపి గళ్లు ఖాళీగా ఉంచాను. ఆ పట్టికను పిల్లలే రెండుసార్లు నింపాలి: ముంచకముందు ఊహించి ఒకసారి, ముంచి చూశాక ఒకసారి. ఊహ రాయించకపోతే వచ్చిన రంగును చూసి “నేనూ ఇదే అనుకున్నా” అంటారు, ఎక్కడ పొరపాటు పడ్డారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక సామాను. ఒక చెంచా పసుపును కాసిన్ని నీళ్లతో ముద్ద చేసి, బ్లాటింగ్ పేపర్ మీద పూసి, ఆరాక సన్నని పట్టీలుగా కోయాలి. నలభై రెండు మంది పిల్లలు, ఆరుగురికి ఒక జట్టు, మొత్తం ఏడు జట్లు. ఒక్కో జట్టుకు నిమ్మరసం, చింతపండు పులుసు, ఉప్పు నీళ్లు, పంచదార నీళ్లు, సబ్బు నీళ్లు, వీటితోపాటు ఉత్త మంచినీళ్లు. తడిస్తే పసుపు రంగు కాస్త ముదురుగా కనిపిస్తుంది. పొడి పట్టీతో పోలిస్తే పిల్లలు “రంగు మారింది” అంటారు. అందుకే మంచినీళ్లలో ముంచిన పట్టీతోనే పోల్చాలి. సబ్బు నీళ్లు అన్నిటికన్నా చివర, ఎందుకంటే సబ్బు వేళ్లతో నిమ్మరసం పట్టీని పట్టుకుంటే వేలిముద్ర పడిన చోట ఎర్రమచ్చ వస్తుంది. వంట సోడాను మాత్రం కావాలనే పక్కన పెట్టాను. అది బలహీన క్షారం, రంగు అంత గట్టిగా రాదు, ఎరుపా కాదా అనే తగువుకే ఐదు నిమిషాలు పోతాయి. పాన్ సున్నం పిల్లల చేతికి ఇవ్వను. కంట్లో పడితే చాలా ప్రమాదం. సున్నం పేరుకున్నాక పైన తేరిన నీటిని నేనే డ్రాపర్‌తో ఒక పట్టీ మీద వేసి చూపిస్తాను.

మొదటిసారి రాసిన సమయాలు ఇలా ఉన్నాయి. హాజరు, సబ్బు పెట్టిన పసుపు మరక కథ: 4 నిమిషాలు. ఊహ రాయడం: 5. సామాను పంచడం: 4. ముంచడం: 10. బోర్డు మీద పట్టిక, వాదన: 8. మందారం: 5. చీటీ: 4. మొత్తం నలభై. కాగితం మీద చక్కగా సరిపోయింది.

క్లాసులో సరిపోలేదు. పంచడానికి నాలుగు కాదు, తొమ్మిది నిమిషాలు పట్టింది. ఒక జట్టుకు గ్లాసు తక్కువైంది, ఇంకో జట్టు నిమ్మరసం ఒలకబోసింది. ఆ ఐదు నిమిషాలను నేను ఎక్కడి నుంచి తీశానో చూడండి: బోర్డు దగ్గర వాదన నుంచి. గబగబా నేనే పట్టిక నింపేశాను. చీటీల్లో మళ్లీ అదే జవాబు: “పసుపుగా ఉంటే ఆమ్లం.” పిల్లలు చేతులతో ముంచారు, కళ్లతో చూశారు, అయినా ఆలోచించాల్సిన ఎనిమిది నిమిషాలు మూడుకు పడిపోయాయి. యాక్టివిటీ ఉన్నంత మాత్రాన పాఠం అయినట్టు కాదని ఆ చీటీలు చెప్పాయి.

మరో సెక్షన్‌కు ప్లాన్ తిరగరాశాను. గ్లాసులు, పట్టీలు ఇంటర్వెల్‌లోనే ట్రేలలో సర్దించాను, జట్టుకు ఒకరు వచ్చి తీసుకెళ్లాలి. సమయాల పక్కన ఇంకో గడి కూడా చేర్చాను: “ఆలస్యమైతే ఏది వదలాలి?” ఊహ, వాదన, చీటీ వదలకూడదు. మందారం రేపటికి జరగవచ్చు. దీన్ని ముందే రాసిపెట్టుకోకపోతే, గడియారం చూసి కంగారుపడ్డ టీచరు ఎప్పుడూ పిల్లల మాటలనే కోసేస్తుంది. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగాలో కూడా రాసుకున్నాను. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతులను గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, కారణాలతో వస్తున్నాయని ఆమె చూపించారు. మూడు సెకన్లు నిశ్శబ్దంగా నిలబడటం ఎంత కష్టమో మీ ఇంట్లో ప్రయత్నించి చూడండి.

ఈసారి బోర్డు మీద పట్టిక పిల్లలే నింపారు. నిమ్మరసం: పసుపు. చింతపండు: పసుపు. ఉప్పు నీళ్లు: పసుపు. అక్కడ ఆగి, “అయితే?” అన్నాను. ఒకటి, రెండు, మూడు. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి, “అయితే ఉప్పు కూడా యాసిడే మేడం!” అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు. “అట్లయితే మంచినీళ్లు కూడా యాసిడేనా? అది కూడా పసుపే ఉంది కదా?” క్లాసంతా నవ్వింది. తర్వాత ఎవరో నెమ్మదిగా అన్నారు: “ఈ కాగితానికి యాసిడ్ తెలియదు మేడం, బేస్ ఒక్కటే తెలుసు.” నా పదహారో స్లైడ్‌లో లేని వరుస అదే. అది పిల్లల నోటి నుంచి వచ్చింది.

మందారానికి ఆ రోజు సమయం చాలలేదు. గడిలో రాసుకున్నట్టే మర్నాటికి జరిపాను. మందార రేకులు వేడినీళ్లలో నానబెడితే వచ్చే రంగు నీళ్లలో నిమ్మరసం వేస్తే ముదురు గులాబీ రంగు, సబ్బు నీళ్లు వేస్తే ఆకుపచ్చ రంగు వస్తాయి. ఉప్పు నీళ్లు వేస్తే రంగు మారదు. పసుపు చెప్పలేనిది మందారం చెప్పింది. ఒక రాత్రి గడిచాక చూపించడం వల్ల, “అయితే యాసిడ్ ఎట్ల తెలుస్తది?” అన్న ప్రశ్నతోనే పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు ప్లాన్‌లో మందారాన్ని రెండో రోజు మొదట్లోనే పెట్టేశాను.

ఆ సెక్షన్ చీటీల్లో ఎక్కువమంది సరిగ్గా రాశారు. అందరూ కాదు. తప్పు రాసిన ఆరుగురి పేర్లు ప్లాన్ వెనక రాసుకున్నాను, మందారం రోజున వాళ్లనే ముందుకు పిలిచాను.

పదహారో స్లైడ్‌లో ఇప్పుడు మూడు వరుసలున్నాయి. పోయిన మార్కును ఆ అబ్బాయితోపాటు అలా రాసిన పిల్లలందరికీ కలిపాను.

మీ అమ్మాయి లేదా అబ్బాయి ఇంటికొచ్చి “ఇవాళ నాలుగు స్లైడ్లే అయినయ్” అంటే, ఎన్ని మిగిలాయని అడగకండి. చీటీలో ఏ ప్రశ్న వచ్చింది, నువ్వేం రాశావు అని అడగండి. అడిగాక మూడు సెకన్లు ఆగండి. ఈ నెలలో ఎప్పుడైనా పప్పు మరక పడిన తెల్ల రుమాలు దొరికితే ఉతికే ముందు పిల్లల చేత సబ్బు రుద్దించండి. రంగు ఏమవుతుందో ముందే చెప్పించడం మరిచిపోకండి.