నడిమడత మీద కత్తెర

టైలరన్నకు నమస్కారం.

మా తమ్ముడి చేతికి ఒక సంచి ఇచ్చి చిత్తూరు నుంచి తిరుపతికి బస్సెక్కించాను. అందులో రెండు చీరలు, మా పాప ఆది డ్రస్సు, ఈ కాగితం ఉంటాయి. ఫోన్లో చెప్పేస్తే పోయేది కదమ్మా అంటావు. ఫోన్లో చెబితే నువ్వు మిషను తొక్కుతూనే ఊఁ కొడతావు, నేను చెప్పాల్సిన నాలుగింటిలో రెండు మరిచిపోతాను. ఇది మరిచిపోయి సర్దుకునే పని కాదు. అందుకే రాస్తున్నా.

ఇక్కడ బట్టల అంగడి తిన్నె మీద నీ నల్ల మిషను ఉండే చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల డబ్బా వచ్చింది. తిన్నె కూడా లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆ తిన్నె మీదే నువ్వు నాకు పట్టుపావడ కుట్టావు. అంచుకు పైన, లోపలి వైపు మూడు మడతలు వేసి కుట్టావు. ఏడాదికొక మడత విప్పమన్నావు. మూడేళ్లు అదే పావడ. విప్పిన చోటల్లా ఒక ముదురు గీత మిగిలేది. ఆ గీతలు లెక్కబెట్టి మా క్లాసు పిల్లలు నా పావడ వయసు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఏ టైలరూ మడత పెట్టడు, ఏ పిల్లా మూడేళ్లు ఒకే బట్ట తొడగదు. సరే, అసలు సంగతికి వస్తా.

సంచిలో పైన ఉండేది అమ్మ పెండ్లి చీర. 1974లో చిత్తూరు నుంచి వాలాజా మీదుగా బస్సులో పోయి కంచిలో తెచ్చిన చీర. వంగపండు రంగు ఒళ్లు, ఆవపిండి రంగు అంచు. ఇట్లాంటివే రెండు తెచ్చినారంట. రెండోది నా కళ్ల ముందే పోయింది. వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం" అని ఒకాయన అరుచుకుంటూ వచ్చేవాడు, గుర్తుందా? నాన్నకు జీతం రాని ఏడాది అమ్మ ఆయన్ను పిలిచింది. ఆయన చీర రంగు చూడలేదు, పువ్వు చూడలేదు. అంచులోంచి ఒక జరీ పోగు లాగి, గోటితో గీరి, పైనున్న తీగ విప్పి లోపలి దారం చూశాడు. ఎర్ర పట్టుదారం కనబడింది. వెండి జరీయే అని తల ఊపి తక్కెడలో పెట్టాడు. చీర ఏం చేస్తావని నేనడిగితే, కాల్చి వెండి తీస్తామని మామూలుగా చెప్పాడు. అమ్మ లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రోజు నుంచి మిగిలిన చీరను తెల్ల పంచెలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టింది. తీయలేదు, కట్టలేదు, మడత కూడా మార్చలేదు.

ఆ మార్చని మడతే ఇప్పుడు మన కష్టం. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడు. వెడల్పుకు సరిగ్గా నడుమ, ఇటు కొస నుంచి అటు కొసదాకా సూది బెజ్జాల్లాగా వెలుతురు కనబడుతుంది. అక్కడ రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే చిర్రుమంటుంది. నేను ఒక చోట లాగి చూశాను, తిట్టుకోవద్దు. పడుగు దారాలు నిలిచే ఉన్నాయి. మడత దగ్గర వంగి వంగి ఎండి తెగినవి పేక దారాలు. మిగతా ఒళ్లంతా గట్టిగానే ఉంది. ఒక మూల కలరా ఉండ ఆనుకున్న చోట జరీ నల్లబడింది. దాన్ని చింతపండుతో తోమొద్దు, అంతమేర వదిలేయి.

పాపకు కావాల్సింది గౌను. బెంగళూరులో స్నేహితురాలి రిసెప్షన్‌కు తొడుక్కోవాలంట. అంబ్రెల్లా కట్ అని ఫోన్లో బొమ్మ పంపింది. అది మాత్రం వద్దన్నా. పోయినేడు మా బంధువుల అమ్మాయికి ఇట్లాంటి పాత పట్టుచీరతోనే ఒకచోట అంబ్రెల్లా కుట్టించారు. గుండ్రంగా కోసేసరికి తిన్నగా పోయే అంచు ముక్కలు ముక్కలైంది. గుడ్డ ఏటవాలుగా వేలాడి వారానికే ఒక పక్క దిగిపోయింది. ఆ పిల్ల పెండ్లిపందిట్లో కింద కూర్చోగానే తొడ దగ్గర మడత గీత పొడుగునా పర్రున చిరిగింది. పాపం, పంక్తి లేచేదాకా ఆ పిల్ల లేవలేదు.

నేను రెండు రాత్రులు కాగితం మీద గీతలు గీసి ఒక లెక్క వేశాను. తప్పుంటే నువ్వే దిద్దు. చీర వెడల్పు 48 అంగుళాలు. బెజ్జాల గీత 24 దగ్గర. ఎట్లాగూ చిరిగే చోటు కాబట్టి అక్కడే మనమే కత్తెర పెడదాం. ముందు కొంగు విడిగా తీసిపెట్టు, దాని సంగతి తర్వాత చెబుతా. మిగిలిన నాలుగున్నర మీటర్లను నడిమడత మీద నిలువునా రెండుగా కోస్తే, ఒక్కోదానికి ఒక పక్క అంచు ఉండే రెండు పట్టీలు వస్తాయి. ఒక పట్టీ మొత్తం గౌను కింది మెట్టుకు. కోసిన వైపు కుచ్చు పోసి పైకి పెడితే, అంచు తిన్నగా కిందికి వస్తుంది. కుట్టు పోగా 22 అంగుళాలు నిలుస్తుంది. రెండో పట్టీలో అంచు వేరు చేసి, ఒళ్లులోంచి పై మెట్టుకు 13 అంగుళాలు, రెండున్నర మీటర్ల చుట్టు తీసుకో. రెండూ కలిపి నడుము నుంచి 35 అంగుళాలు, పాప పిక్క మీదికి వస్తుంది. అదే పట్టీలో మిగిలే రెండు మీటర్లు పైభాగానికీ చేతులకూ చాలు. చిరుగు ఉన్న చోట కుట్టు కూర్చుంటుంది, చూసేవాళ్లకు మెట్ల గౌను అనిపిస్తుంది.

అంచు వేరు చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఒంటికీ అంచుకూ నడుమ రంపప్పళ్లలాగా ఉండే జోడు చూడు. అక్కడ ఒంటి పేక, అంచు పేక ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. దాన్ని ఆనుకుని కోస్తే మొత్తం ఊడిపోతుంది. అర అంగుళం ఒంటి గుడ్డ అంచుతో ఉండనిచ్చి కోయి. ఆ అంచు చేతులకూ నడుముకూ వేద్దాం.

ఇంకో తిరకాసు ఉంది. గౌనులో పేక దారం పైనుంచి కిందికి వస్తుంది. చీరలో అలిసింది పేకే. కింది మెట్టు బరువంతా దాని మీద పడితే, మడత లేని చోట కూడా రేపు తెగుతుంది. కాబట్టి బరువు లైనింగు మోయాలి, పట్టు ఊరికే పైన ఉండాలి. కింది మెట్టు కుచ్చును పై మెట్టుకు కుట్టేటప్పుడే లైనింగును కూడా కలిపి పట్టు. కొత్త 11 నంబరు సూది వేయి. కుట్టు మరీ సన్నం చేయొద్దు, దగ్గర దగ్గరగా పొడిస్తే పాత పట్టు తపాలా బిళ్లలాగా చినుగుతుంది. ముందు పనికిరాని ముక్క మీద ఒక కుట్టు వేసి రెండు పక్కలా లాగు. కుట్టు దగ్గర దారాలు జరిగి సందు కనబడితే, వెనక ఇస్త్రీతో అంటుకునే పల్చటి క్యాన్వాసు వేయక తప్పదు. ఇస్త్రీ పెట్టె జరీకి తగలకుండా మధ్యలో గుడ్డ వేసుకుంటావని నాకు తెలుసు, అయినా రాస్తున్నా.

ఆ లైనింగుకే సంచిలో రెండో చీర. అవ్వది, నారాయణవరం నూలు చీర, తొమ్మిది గజాలు. పద్మావతమ్మ పెండ్లి జరిగిన ఊరు కాబట్టి అవ్వ దాన్ని అమ్మవారి పుట్టింటి చీర అనేది. పుత్తూరు వైపు నుంచి మూట మోసుకొచ్చే ఒకాయన దగ్గర వాయిదాల మీద కొనేది. గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేవాళ్లు, డబ్బు కట్టినప్పుడల్లా ఒక గీత చెరిపేవాళ్లు. ముతకగా, రేవులో బాదిన కొద్దీ మెత్తబడే నూలు. ఎన్నిసార్లు ఉతికారో లెక్క లేదు కాబట్టి ఇక కుంచించుకునేది ఏమీ మిగల్లేదు. అయితే మధ్యభాగం నలిగిపోయింది, కూర్చునే చోటు కదా. రెండు కొసల్లో గట్టిగా ఉంది, అక్కడి నుంచే తీసుకో. గౌను పైభాగానికి మాత్రం ఇది వద్దు, చంకల దగ్గర ఆగదు. కొత్త నూలు గుడ్డ తెచ్చి, తడిపి ఆరేసి వేయి. అవ్వ చీరే అంతటా వేయాలని నాకు ఆశగా ఉంది గానీ, ఆశ చంక కింద నిలవదు.

దాంట్లో ఒకచోట పెద్ద పసుపు మచ్చ కనబడుతుంది. ఉతికితే పోలేదు. తిరుపతి గంగమ్మ జాతరకు మా తమ్ముడు మొక్కుబడి అని ఆడవేషం కట్టినప్పుడు అవ్వ ఈ చీరే కట్టించింది. పుష్ప-2 వచ్చాక ఊరూరా తెలిసింది గానీ, మగవాళ్లు చీర కట్టి గంగమ్మకు మొక్కడం మనకు కొత్తా? వాడికి అప్పుడు పదేళ్లు. తాతయ్యగుంట దాకా నడిచేలోపు మూడుసార్లు చీర ఊడిపోయింది, మూడుసార్లూ అవ్వ నడివీధిలో పసుపు చేతులతోనే కుచ్చిళ్లు దోపింది. ఇప్పుడు సంచి తెచ్చింది వాడే. మచ్చ లోపలికే వస్తుంది, ఉండనీ.

అమ్మ ఒప్పుకుందా అని అడుగుతావు. మొదట "పెండ్లి చీరకు కత్తెర ఎట్ల పెడతావే?" అనింది. కిటికీ దగ్గర పట్టి బెజ్జాలు చూపించాను. చాలాసేపు చూసింది. "ఆయప్పకైతే ఇయ్యి, వేరే వాళ్లకొద్దు" అనింది. ఆయప్ప అంటే నువ్వే. కొంగు మాత్రం కోయొద్దని చెప్పమనింది. నాలుగు పక్కలా సన్నగా మడిచి కుట్టి పంపు, తన దగ్గరే పెట్టుకుంటుందంట. ఈసారి మడత మారుస్తుందో లేదో చూడాలి.

పాప జేబులు అడిగింది. పట్టుగౌనుకు జేబులేందని నేనన్నా వినలేదు. పెడితే లైనింగుకు పెట్టు, పట్టుకు తగిలించొద్దు, ఫోను బరువు పడుతుంది. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలిపెట్టు.

నీ కంటి ఆపరేషన్ అయ్యాక ముదురు రంగు మీద నల్లదారం కనబడడం లేదని తమ్ముడు చెప్పాడు. ఈ రంగు ముదురే. పగలు కుట్టు, తొందరేమీ లేదు, ఇంకా నెలన్నర ఉంది. కూలి ఎంతో తమ్ముడికి చెప్పు, చిన్నప్పటి లెక్క చెప్పొద్దు.

మిగిలిన పీలికలు, దారప్పోగులతో సహా ఏదీ ఊడ్చి పారేయొద్దు. అన్నీ సంచిలో వేసి పంపు. అమ్మ లెక్క చూసుకుంటుంది.

ఇట్లు,
పట్టుపావడ పిల్ల