60 అని కొట్టారు సరే, 60 ఏంటి?

క్యాడ్‌లో ఒక గీత గీసి 60 అని కొట్టామనుకోండి. ఫైల్‌లో ఆ గీత పక్కన దాచుకునేది 60 అనే అంకె మాత్రమే. అది మిల్లీమీటర్లా, ఇంచులా, మీటర్లా అన్నది గీతకు తెలీదు. ఆ సంగతి ఫైల్ పైభాగంలో వేరేచోట ఒక చిన్న చీటీలా రాసి ఉంటుంది. 'ఇందులో ఒకటి అంటే ఒక మిల్లీమీటరు' అనో, 'ఒక ఇంచి' అనో. అంకె ఒకచోట, చీటీ ఒకచోట. రెండింటికీ పొంతన లేకపోయినా గీసేవాళ్లకి స్క్రీన్ మీద తేడా ఏమీ కనపడదు. ఫైల్ ఇంకో కంప్యూటర్‌కి వెళ్లినప్పుడే బయటపడుతుంది.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక లేజర్ కటింగ్ షాపులో పనిచేస్తాను. కస్టమర్లు పంపే డ్రాయింగులు తెరిచి, కొలతలు చూసి, షీటు మీద సర్ది, మెషిన్‌కి పంపడం నా పని. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఫైళ్లు వస్తూనే ఉంటాయి. కొన్ని తెరిస్తే స్క్రీన్ మీద చీమంత చుక్క. కొన్ని తెరిస్తే షీటు దాటిపోయే కొండ. నిజం చెప్పాలంటే ఈ రెండు రకాలూ నన్ను భయపెట్టవు. చూడగానే తెలిసిపోతాయి కాబట్టి ఆగి అడుగుతాను. భయపెట్టేది మూడో రకం. అది అచ్చం సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఒక ఇంజినీరింగ్ స్టూడెంట్ ఫైల్‌తో ఆ మూడో రకం ఏంటో చెప్తాను. ఫైనలియర్ ప్రాజెక్టుకి చిన్న ప్లాటర్ మెషిన్ చేస్తున్నాడు. నీమా 17 అనే స్టెప్పర్ మోటార్లు బిగించడానికి 3 మి.మీ. షీటులో ఆరు ప్లేట్లు కావాలి. ప్లేటు 60 × 60 మి.మీ. మోటారు ముఖం మీద నాలుగు ఎం3 స్క్రూ రంధ్రాలుంటాయి. పక్కపక్క రంధ్రాల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 31 మి.మీ. ఈ మోటారు ఏ కంపెనీది కొన్నా ఆ 31 మారదు. స్క్రూ సులువుగా దూరాలని ప్లేటులో రంధ్రాలు 3.4 మి.మీ. పెట్టాడు. డిజైన్‌లో వంక పెట్టడానికేం లేదు.

డీఎక్స్ఎఫ్ ఫైల్ తెరిస్తే ప్లేటు వెడల్పు 1524 మి.మీ. అని వచ్చింది. మా దగ్గరున్న షీటే 2500 × 1250. ఫోన్ చేశాను.

"అక్కా, నేను 60 అనే కొట్టాను. నా దగ్గర 60 అనే చూపిస్తోంది" అన్నాడు.

అతను చెప్పింది నిజమే, నాకు కనిపించిందీ నిజమే. 1524ని 60తో భాగిస్తే 25.4 వస్తుంది. 1959లో అమెరికా, బ్రిటన్ సహా ఆరు దేశాలు ఒప్పుకుని ఒక ఇంచి అంటే కచ్చితంగా 25.4 మి.మీ. అని ఖాయం చేశాయి. కాబట్టి ఈ అంకె కనపడితే జబ్బేంటో ఇక అడగక్కర్లేదు. ఫైల్ ఇంచుల టెంప్లేట్‌లో మొదలైంది. అతను మిల్లీమీటర్లు మనసులో పెట్టుకుని 60 కొట్టాడు. చీటీ మాత్రం ఇంచులు అంటోంది. మా సాఫ్ట్‌వేర్ చీటీని నమ్మి 60 ఇంచుల ప్లేటు చూపించింది. ఇలా భాగిస్తే 10 వచ్చిందంటే సెంటీమీటర్ల గొడవ, 1000 వచ్చిందంటే మీటర్ల గొడవ. భాగహారమే సగం వైద్యం.

"25 రెట్లు పెద్దగా వచ్చింది తమ్ముడూ, యూనిట్లు చూసి మళ్లీ పంపు" అని మెసేజ్ పెట్టే లోపే "సరిచేశా అక్కా, ఇప్పుడు చూడండి" అని రెండో ఫైల్ వచ్చేసింది. తెరిచాను. షీటు మూలలో బుద్ధిగా కూర్చుంది. చేతిలో పట్టేంత ప్లేటు, నాలుగు రంధ్రాలు, అంతా బాగుంది. కొలిస్తే రంధ్రాల మధ్య దూరం 31.5.

ఏం చేశాడంటే, చీటీ జోలికి వెళ్లకుండా బొమ్మని `SCALE` కమాండ్‌తో 25వ వంతుకి కుదించాడు. 60 కాస్తా 2.4 అయింది. చీటీ ఇంకా ఇంచులే అంటోంది కాబట్టి మా దగ్గర 2.4 ఇంచులు, అంటే 60.96 మి.మీ. అయింది. రంధ్రాల దూరం 31 బదులు 31.5 అయింది.

"అర మిల్లీమీటరే కదా అక్కా, సర్దుకోదా?" అని అడిగాడు. లెక్క చూద్దాం. మోటారు మధ్యలో కూర్చుంటే ప్రతి రంధ్రమూ అటు పావు మిల్లీమీటరు, ఇటు పావు మిల్లీమీటరు బయటికి జరిగింది. మూలగా చూస్తే ఆ జరుగుడు 0.35 మి.మీ. రంధ్రం కూడా కాస్త పెరిగి 3.45 అయింది, అయినా 3 మి.మీ. స్క్రూకి అందులో చుట్టూ దొరికే చోటు 0.23 మి.మీ. అంటే ఒక మూల స్క్రూ బిగిస్తే ఎదురు మూల స్క్రూ దిగదు. ఆరు ప్లేట్లు నీట్‌గా కట్ అయ్యేవి, డబ్బులు కట్టి తీసుకెళ్లేవాడు, రివ్యూ ముందు రాత్రి హాస్టల్ గదిలో ఆకురాయి పట్టుకుని కూర్చునేవాడు. తప్పు మోటారుదో ప్లేటుదో కూడా తెలిసేది కాదు.

అతని ఫైల్‌లో బొమ్మకి అసలు జబ్బే లేదు. 60 సరైన అంకె. తప్పంతా చీటీలో. కాబట్టి మొదటి ఫైల్ తెరిచి ఇంత చేస్తే చాలు:

```
INSUNITS
4
```

ఆటోక్యాడ్‌లో 4 అంటే మిల్లీమీటర్లు, 1 అంటే ఇంచులు, 0 అంటే ఏమీ చెప్పలేదని. ఇది మార్చినా బొమ్మ ఒక్క వెంట్రుక కూడా కదలదు, చీటీ మాత్రమే మారుతుంది. మూడోసారి ఫైల్ వచ్చింది. 60.00, 31.00. కట్ చేశాం.

దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంటుంది. నిజంగానే ఇంచుల్లో గీసిన భాగం, చీటీ మీద మిల్లీమీటర్లు. రెండున్నర ఇంచుల ముక్క 2.5 మి.మీ. చుక్కై వస్తుంది. దాన్ని మిల్లీమీటర్ల ఫైల్‌గా మార్చుకోవాలంటే మాత్రం బొమ్మనే `SCALE`తో 25.4 రెట్లు చెయ్యాలి. 25 కాదు, 25.4. అందుకే ఏదైనా ముట్టుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: తప్పు అంకెలో ఉందా, చీటీలో ఉందా? తేల్చుకోకుండా కంటికి సరిపోయేదాకా లాగితే మూడో రకం ఫైల్ తయారవుతుంది.

చీటీ మీకూ కనపడుతుంది. డీఎక్స్ఎఫ్ మామూలుగా టెక్స్ట్ ఫైలే. ఫోన్‌లో ఏ టెక్స్ట్ ఎడిటర్‌తో తెరిచినా చదవొచ్చు. అందులో `$INSUNITS` అని వెతికితే ఇలా ఉంటుంది:

```
$INSUNITS
 70
     4
```

చివరి అంకె చూడండి. మిల్లీమీటర్లైతే 4.

ఇక స్కేల్ సంగతి. ఇది యూనిట్లకి చుట్టంలా కనిపిస్తుంది కానీ వేరే ఊరిది. కాగితం మీద డ్రాయింగ్ నేర్చుకున్న కొంతమంది, ఏ3 కాగితంలో పట్టాలని 400 మి.మీ. బ్రాకెట్‌ని 200 గానే గీస్తారు. తర్వాత కొలతల్లో 400 అని కనపడేలా `DIMLFAC` విలువ 2 పెడతారు. అప్పుడు బాణం గుర్తుల మధ్య 400 అని ఉంటుంది, గీత పొడవు మాత్రం 200. ప్రింటు తీస్తే చక్కగా ఉంటుంది. మెషిన్ మాత్రం రాసిన కొలతని చదవదు, గీతని కోస్తుంది. సగం సైజు బ్రాకెట్ చేతికొస్తుంది. ఇలాంటివి పట్టుకోవడానికి నేను కొలత అక్షరాలని నమ్మను. `DIST` కమాండ్‌తో రెండు చివరలూ నొక్కి గీతనే అడుగుతాను.

కాగితానికి స్కేల్ కావాలి, భాగానికి అక్కర్లేదు. మోడల్‌లో ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు, 1:1లో గీయాలి. 1:2 అయినా 1:5 అయినా లేఅవుట్‌లో, కాగితం మీద పెట్టే కిటికీకి ఇచ్చుకోవాలి. అప్పుడు ప్రింటు ఎంత చిన్నదైనా ఫైల్‌లోని భాగం అసలు సైజులోనే ఉంటుంది.

ఇదంతా జరగకుండా ఉండాలంటే మొదటి గీతకి ముందు పట్టే టైము నిమిషం. కొత్త ఫైల్ తెరిచేటప్పుడు `acad.dwt` కాకుండా `acadiso.dwt` ఎంచుకోండి. మొదటిది ఇంచులది, రెండోది మిల్లీమీటర్లది. తర్వాత `UNITS` కొట్టి, వచ్చిన పెట్టెలో `Insertion scale` కింద `Millimeters` ఉందో లేదో చూడండి. పైన కనిపించే `Decimal`, `Precision` అంకెలు ఎలా కనపడాలో చెప్తాయంతే, యూనిట్‌ని మార్చవు. చాలామంది అక్కడ `Decimal` చూసి, మిల్లీమీటర్లు పెట్టేశాం అనుకుని బయటికొచ్చేస్తారు.

ఇంత చేసినా చీటీ దారిలో రాలిపోయే సందర్భాలున్నాయి. పాత మెషిన్ల కోసం ఆర్12 డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేస్తే అందులో ఈ చీటీకి చోటే లేదు. త్రీడీ ప్రింటింగ్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్లోనూ యూనిట్ ఉండదు, ఉత్త అంకెలే. తీసుకునే సాఫ్ట్‌వేర్ తనకి తోచింది అనుకుంటుంది. అలాంటప్పుడు చీటీని మనమే చేత్తో అంటించాలి. ఫైల్ పేరు `motor_plate_60x60mm.dxf` అని పెట్టండి. మెసేజ్‌లో 'రంధ్రాల మధ్య దూరం 31 మి.మీ.' అని ఒక్క కొలత రాయండి. మొత్తం వెడల్పు కాకుండా రంధ్రాల దూరమే రాయమనడానికి కారణం ఉంది. వెడల్పు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. రంధ్రాలు అలా కాదు, వాటి అవతల ఒక మోటారు ఎదురుచూస్తూ ఉంటుంది.