రాళ్ల నడుమ ఇసుక: విశాఖ తీరంలో సర్ఫింగ్

విశాఖపట్నం నౌకాశ్రయానికి కాపలా కాస్తున్నట్టు సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండ నుంచి భీమునిపట్నం దాకా సాగే తీరం ఏకఖండంగా పరచుకున్న ఇసుక పట్టీ కాదు. తూర్పు కనుమల ఎర్రని ఖోండలైట్ శిలలు అక్కడక్కడ కొసలుగా నీటిలోకి దిగుతుంటే, వాటి మధ్య పల్లాల్లో ఇసుక పేరుకొని రామకృష్ణా బీచ్, లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, రుషికొండ వంటి రేవులు ఏర్పడ్డాయి. పొడవాటి పలక మీద నిలబడి, విరిగే అల వాలు వెంట జారే సర్ఫింగ్ ఇటీవలి సంవత్సరాలలో ఈ రేవుల్లో కాలూనింది. ఈ క్రీడకు ఇక్కడ ఉన్న సౌలభ్యమూ, ప్రమాదమూ రెండూ ఇసుక, రాయి ఇలా పక్కపక్కనే ఉండటం నుంచే పుడుతున్నాయి.

అల ఎందుకు విరుగుతుందో తెలిస్తే తప్ప ఈ సంగతి బోధపడదు. రెండు శిఖరాల మధ్య దూరాన్ని తరంగదైర్ఘ్యం అంటారు. నీటి లోతు అందులో సగానికి తగ్గినప్పుడు అల అడుగుభాగం సముద్రపు నేలను తాకి మందగించడం మొదలవుతుంది, వెనుక నుంచి వచ్చే నీరు మాత్రం ఆగదు కనుక అల పొడవు తగ్గి, ఎత్తు పెరిగి, చివరకు తన ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్ల లోతుకు చేరేసరికి నిలబడలేక కూలుతుంది. అంటే మీటరు ఎత్తు అల దాదాపు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. ఎక్కడ విరగాలో ఈ లెక్క నిర్ణయిస్తే, ఎలా విరగాలో నేల వాలు నిర్ణయిస్తుంది. ఇసుక నేల మెల్లగా ఎత్తైతే శిఖరం నుంచి నురుగు కొంచెం కొంచెంగా జారుతూ అల తాపీగా ఒడ్డుకు వస్తుంది. నేల హఠాత్తుగా లేస్తే అల ముందుకు వంగి, బోలుగా చుట్టుకొని, ఒక్క దెబ్బతో కింద పడుతుంది. మొదటిది నేర్చుకునేవారి అల; రెండవది మెడ విరిచే అల.

రుషికొండ వంటి చోట ఒడ్డుకు కొంత దూరంలో నీటి కింద ఇసుక తిన్నె ఉందనీ, ఆటు సమయంలో దాని మీద 0.6 మీటర్ల నీరే ఉందనీ అనుకుందాం. పౌర్ణమి, అమావాస్యల రోజుల్లో విశాఖ దగ్గర ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం సుమారు 1.4 మీటర్లు మారుతుంది కాబట్టి నిండు పోటులో అదే తిన్నె మీద రెండు మీటర్ల లోతు ఉంటుంది. మీటరు ఎత్తు అల ఆటులో తిన్నెకు అవతలే, సముద్రం వైపే విరిగి, తెల్లని నురుగుగా ఒడ్డుకు దొర్లుతుంది. సగం పోటులో సరిగ్గా తిన్నె మీద విరుగుతుంది. నిండు పోటులో తిన్నెను దాటిపోయి, ఏటవాలుగా ఉన్న ఒడ్డు అంచుకు కొట్టుకొని బోర్లా పడుతుంది. ఉదయం పిల్లలు కూడా ఆడుకున్న చోట మధ్యాహ్నానికి పెద్దవాళ్లు కాళ్లు నిలపలేకపోవడానికి కారణం సముద్రం కోపం కాదు, ఈ ఆరు గంటల తేడాయే. రామకృష్ణా బీచ్‌లో ఈ ఇబ్బంది మరింత కనబడుతుంది; దక్షిణాన ఉన్న నౌకాశ్రయపు కట్టలు ఉత్తరానికి ప్రవహించే ఇసుకను అడ్డగిస్తున్నందున అక్కడి ఒడ్డు కోతకు గురవుతూ, తవ్వోడల సాయంతో ఇసుకను పోసి నిలబెట్టవలసి వస్తోంది.

రాతి నేల స్వభావం వేరు. ఇసుక తిన్నె తుపానుకూ, ఋతువుకూ చోటు మారుతుంది. రాయి మారదు కాబట్టి అల దాదాపు ఒకే చోట, ఒకే తీరున విరుగుతుంది, అనుభవజ్ఞులకు అదే ఆకర్షణ. కానీ పడినవారిని ఇసుక క్షమించినట్టు రాయి క్షమించదు. మునిగి ఉన్న రాయిని కొన్ని గుర్తులు పట్టిస్తాయి: అల లేనప్పుడు కూడా ఒకే చోట నీరు కుతకుత ఉడికినట్టు లేవడం, ప్రతి అలా అక్కడే నురుగు కక్కడం, అల వచ్చే ముందు ఆ చోట నీరు లోపలికి గుంజుకొని గుంట పడటం. ఆటు సమయంలో ఒడ్డున నిలబడి రాళ్ల చోట్లను చూసి గుర్తుపెట్టుకున్నవారికి పోటులో అవి కనిపించకపోయినా ఇబ్బంది ఉండదు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్‌కు చెందిన ఎం.వి. మా అనే సరుకు ఓడ లంగరు తెగి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కి చిక్కుకుపోయిన చోటు కూడా ఈ రాళ్ల వరసలోనిదే.

అయితే రాయికన్నా ఎక్కువగా మోసగించేది రాయి పక్కనున్న నీరు. ఈ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉన్నందువల్ల నైరుతి ఋతుపవన కాలంలో దక్షిణం నుంచి వచ్చే అలలు ఏటవాలుగా తగిలి, ఒడ్డు వెంబడి నీటిని ఈశాన్యానికి తోస్తాయి. ఆ నీరు దారిలో ఒక రాతి కొసకు కొట్టుకోగానే ముందుకు పోలేక, కొస అంచునే పట్టుకొని సముద్రంలోకి మళ్లుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో నీరు లోతు కాబట్టి అలలు విరగవు, నురుగు ఉండదు, చూసేవారికి అదే ప్రశాంతమైన చోటుగా తోస్తుంది. స్నానానికి దిగేవారు ఎంచుకునేది సరిగ్గా ఆ చోటునే. సర్ఫర్లకు మాత్రం అది అలల అవతలికి సులువుగా చేర్చే దారి. ఒకరికి ఉచ్చు, మరొకరికి మెట్ల దారి. అందువల్ల ఆ కాలంలో కొత్తవారు రాతి కొస తమకు నైరుతి వైపున, అంటే ప్రవాహానికి ఎగువన, దూరంగా ఉండేలా చోటు ఎంచుకోవాలి. కొస దిగువన ఉంటే గంటసేపటిలో తెలియకుండానే రాళ్ల మీదికి జారుకుంటారు. ఒడ్డున ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తుగా పెట్టుకొని, కొన్ని అలలకొకసారి దానివైపు చూస్తే జారుడు తెలుస్తుంది. రిప్‌లో చిక్కితే ఎదురీదకుండా పలకను వదలకుండా పట్టుకొని, నురుగు కనిపించే వైపు అడ్డంగా పోవాలి.

నేర్చుకోవడం నడుము లోతులో, విరిగిపోయిన అల నురుగులో మొదలవుతుంది. ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తని నురుగు పలక తేలికగా తేలుతుంది, తగిలినా గాయం తక్కువ. మొదట బోర్లా పడుకొని ఒడ్డు దాకా జారడం, తర్వాత అరచేతులు ఛాతీ పక్కన ఆనించి ఒక్కసారిగా లేచి పలకకు అడ్డంగా పాదాలు పెట్టడం, చూపు పలక మీద కాక ముందుకు నిలపడం, ఈ క్రమం అన్ని రేవుల్లోనూ ఒకటే. పడటం కూడా నేర్వవలసినదే: తల ముందుకు పెట్టి దూకకుండా, అడుగు లోతు తెలియనప్పుడు వెల్లకిలా, పలచగా పడి, పైకి వచ్చేటప్పుడు తలను చేతులతో కాచుకోవాలి. పలక ఎప్పుడూ మనిషికీ అలకూ నడుమ ఉండకూడదు. అల దాన్ని ఎత్తి ముఖం మీద వేస్తుంది. వెనుక కాలికి కట్టే తాడు పలకను దూరం పోనివ్వదు, కానీ తాడు పొడవు మేర చుట్టూ ఉన్నవారికి అది దెబ్బే.

విశాఖ రేవుల్లో గుంపు అంటే ఇతర సర్ఫర్లు కాదు. సెలవు రోజున చేతులు పట్టుకొని, బట్టలతోనే నీటిలో నిలిచే ఈత రాని కుటుంబాలే ఎక్కువ. సర్ఫర్ల మధ్య నియమం స్పష్టమే: విరుగుతున్న శిఖరానికి దగ్గరగా ఉన్నవారిదే ఆ అల, లోపలికి వెళ్లేవారు జారుతున్నవారి దారిని వదిలి నురుగు వైపు నుంచి పోవాలి. స్నానం చేసేవారికి ఈ నియమాలు తెలియవు, తెలియవలసిన అవసరమూ లేదు. తప్పుకునే బాధ్యత పలక ఉన్నవారిదే. కాబట్టి జనం ఉన్న ముక్కను విడిచి పక్కకు వెళ్లడం, ఎదుట మనిషి కనిపిస్తే పలకను వదిలి పారేయకుండా పట్టుకొనే అలలోంచి దిగిపోవడం, జనం తక్కువగా ఉండే తెల్లవారుజామును ఎంచుకోవడం ఇక్కడి సర్ఫర్లు పాటించవలసిన పద్ధతులు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలో కూడా, స్నానానికి కేటాయించిన హద్దుల జెండాల మధ్యకు పలకతో వెళ్లకూడదు.